షాపు చేతులు మారిందని లాడ్జీలకి, సప్లయర్లకి ఎలా చెప్పాలి? ఐదు దారుల పోలిక

తిరుపతిలో లాడ్జీలకి బెడ్‌షీట్లు, దిండు గలీబులు, చిన్న సబ్బులు, ఫినాయిల్ వేసే హోల్‌సేల్ షాపు ఒకటి నిరుడు జూలై 1న చేతులు మారింది. దాని లెక్కలు నేనే చూస్తాను. సరుకు, వ్యాన్, షాపు పేరు, లాడ్జీల నుంచి రావాల్సిన బాకీలు, సప్లయర్లకి ఇవ్వాల్సిన బాకీలు అన్నీ కలిపే కొన్నారు. ఒప్పందం కాగితాలు పక్కాగా రాసుకున్నారు. లాడ్జీలకి చెప్పే పని మాత్రం "తర్వాత చూద్దాంలే" అని రెండు వారాలు పక్కన పెట్టారు.

జూలై 9న రైల్వే స్టేషన్ దగ్గరి ఒక లాడ్జి అకౌంటెంట్ జూన్ బిల్లు 38,400 రూపాయలు కట్టాడు. టేబుల్ అద్దం కింద ఉన్న పాత క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, ఎప్పుడూ కట్టినట్టే కట్టాడు. ఆ డబ్బు నేరుగా పాతాయన ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఓడీ, ఖాతాలో పడి, అక్కడున్న అప్పులో జమైపోయింది. కొత్తాయన వెళ్లి అడిగితే అకౌంటెంట్ ఫోన్‌లో రసీదు చూపించి, "నేను కట్టేసినాను సార్, షాపు మీరు కొన్నారని నాకెవరు చెప్పినారు?" అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది, చట్టం కూడా ఆయన వైపే ఉంది. పాతాయన దగ్గర్నుంచి ఆ డబ్బు రావడానికి ఆరు వారాలు పట్టింది.

ఇలా వ్యాపారం కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న "వాట్సాప్‌లో పెడితే చాలదా?" అనే. చాలదు. కానీ వాట్సాప్ పనికిరాదని కూడా కాదు. ఏ దారి దేనికి పనికొస్తుందో చూద్దాం.

ముందు ఒక సంగతి తేల్చుకోండి: కొన్నది షాపునా, కంపెనీనా?

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ షేర్లు కొన్నట్టయితే బయటివాళ్లకి పెద్దగా మారేదేమీ లేదు. పాన్ అదే, జీఎస్టీ నంబరు అదే, బ్యాంకు ఖాతా కూడా అదే. డైరెక్టర్లు మారతారు, చెక్కుల మీద సంతకం మారుతుంది. అలాంటప్పుడు "యాజమాన్యం మారింది, ఇకపై ఫలానా వాళ్లతో మాట్లాడండి" అని ఒక ఉత్తరం పంపితే సరిపోతుంది.

తిరుపతి, చిత్తూరులో చేతులు మారే షాపుల్లో నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా సొంత పేరు మీద నడిచే ప్రొప్రయిటర్‌షిప్‌లే. వీటి సంగతి వేరు. జీఎస్టీ నంబరులో మన రాష్ట్రం కోడ్ 37 తర్వాత వచ్చే పది అక్షరాలూ ఆ మనిషి పాన్ నంబరే. మనిషి మారితే పాన్ మారుతుంది, దాంతో జీఎస్టీ నంబరూ మారుతుంది. బోర్డు మీద పేరు అదే ఉన్నా, కాగితం మీద అది వేరే వ్యాపారం. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా వీళ్లకే.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది రుజువు. రేపు గొడవ వస్తే "నీకు చెప్పాను" అని చూపించడానికి చేతిలో ఏముంది? బాకీలతో సహా కొన్నప్పుడు ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఆస్తి బదిలీ చట్టం (1882) 130, 131 సెక్షన్లు ఈ విషయంలో చాలా సూటిగా ఉంటాయి. బాకీ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోయిందని నోటీసు అందకముందే బాకీదారు పాతాయనకి కట్టేస్తే అతని బాధ్యత తీరిపోయినట్టే. ఆ నోటీసు రాతపూర్వకంగా ఉండాలి. దాని మీద పాతాయన గానీ, ఆయన అధికారం ఇచ్చిన మనిషి గానీ సంతకం పెట్టాలి. పాతాయన సంతకం పెట్టనంటే కొత్తాయన పెట్టొచ్చు. కొత్తాయన పేరు, అడ్రసు అందులో ఉండాలి. స్టేషన్ దగ్గరి లాడ్జి 38,400 మనకి మళ్లీ కట్టక్కర్లేకపోయింది ఇందుకే.

రెండోది, ఎవరి నోట వింటే నమ్ముతారు అనేది. లాడ్జి మేనేజర్‌కి కొత్తాయన ఎవరో తెలియదు. పదిహేనేళ్లుగా సరుకేసిన మనిషి చెబితేనే వింటాడు.

మూడోది, కబురు సరైన మనిషికి చేరుతుందా? ఒక లాడ్జిలో మనకి ముగ్గురు మనుషులుంటారు. ఆర్డర్ చెప్పేది మేనేజర్, డబ్బు వేసేది అకౌంటెంట్, రేట్లు ఒప్పుకునేది ఓనరు. ఆ ఓనరు తరచుగా చెన్నైలోనో, బెంగళూరులోనో ఉంటాడు. లీజుకిచ్చిన లాడ్జి అయితే నాలుగో మనిషి కూడా. మేనేజర్‌కి చెప్పి "అందరికీ చెప్పేశాం" అనుకోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

నాలుగోది డబ్బు దారి. ఖాతా నంబరు మారుతోందని చెప్పే ప్రతి కబురూ మోసగాళ్లకి కూడా ఒక అవకాశమే. దీని గురించి కింద విడిగా చెబుతాను.

ఐదు దారులు, ఒక చూపులో

| దారి | రుజువు | నమ్మకం | చేరేది ఎవరికి | దేనికి మంచిది |
|---|---|---|---|---|
| చెప్పకుండా నడిపేయడం | లేదు | తెలిసిన రోజున పోతుంది | ఎవరికీ కాదు | చేతి మీద నగదు వ్యాపారానికి మాత్రం |
| వాట్సాప్ | కొంత | పాత నంబరు నుంచి పంపితే బాగుంటుంది | మేనేజర్‌కి | ముందస్తు కబురుకి, గుర్తు చేయడానికి |
| ఇద్దరూ కలిసి వెళ్లడం | ఒక్కటే అయితే లేదు | అన్నిటికన్నా ఎక్కువ | ఎదురుగా ఉన్నవాళ్లకి | పెద్ద ఖాతాలకి |
| ఇద్దరి సంతకాల ఉత్తరం | గట్టిది | మధ్యస్థం | పేరు రాసిన ప్రతి ఒక్కరికి | ఉద్దర ఉన్న ప్రతి ఖాతాకి |
| పేపర్ ప్రకటన, షాపు ముందు బోర్డు | బలహీనం | తక్కువ | చూసినవాళ్లకి | మనకి తెలియని పాత బాకీలు బయటపడటానికి |

చెప్పకుండా నడిపేయడం

దీన్ని తీసిపారేయకుండా మొదటే పెట్టడానికి కారణముంది, నిజంగా చాలామంది చేసేది ఇదే. "పేరు మారలేదు, కుర్రాడు మారలేదు, సరుకు మారలేదు, చెప్పి లేనిపోని టెన్షన్ ఎందుకు?" అంటారు. కౌంటర్ మీద నగదుకి అమ్మే కిరాణా కొట్టుకి ఇది సరిపోతుంది కూడా. గాంధీ రోడ్డులో పావుకిలో పప్పు కొనేవాడికి ఓనరు ఎవరైతే ఏం?

ఉద్దర ఉన్నచోట మాత్రం ఇది రెండో నెలలోనే బయటపడుతుంది. జీఎస్టీ ఉన్న లాడ్జి అకౌంటెంట్ కొత్త బిల్లు మీద నంబరు వేరుగా ఉండటం చూసి ఫోన్ చేస్తాడు. అప్పుడు చెప్పడం మొదలుపెడితే, దాచిపెట్టి దొరికిపోయినట్టు ఉంటుంది. పాత పేరే ఉంచుకోవడం వల్ల ఇంకో చిక్కు ఉంది. పాతాయన ఖాతా, కొత్తాయన ఖాతా రెండూ ఒకే షాపు పేరు మీద ఉండొచ్చు. డబ్బు వేసేటప్పుడు స్క్రీన్ మీద పేరు సరిగ్గానే కనిపిస్తుంది, డబ్బు మాత్రం పాత ఖాతాకే పోతుంది. పేరు మారని షాపులోనే ఎక్కువ జాగ్రత్తగా చెప్పాలి.

వాట్సాప్

ఖర్చు లేదు, నిమిషంలో పోతుంది. కానీ బ్రాడ్‌కాస్ట్ జాబితాకి ఒక లక్షణం ఉంది, చాలామంది దాన్ని గమనించరు. మీ నంబరు తన ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. ఒక జాబితాలో 256 మందికి మించి పెట్టలేరు కూడా. కొత్తాయన నంబరు ఏ మేనేజర్ ఫోన్‌లోనూ ఉండదు కాబట్టి కొత్తాయన పంపిన బ్రాడ్‌కాస్ట్ చాలామందికి అసలు అందదు. మా షాపులో మొదటిసారి ఇదే జరిగింది. 46 లాడ్జీలకి పంపామనుకున్నాం, అరడజను మంది మాత్రమే చూశారు. అదే మెసేజ్ పాతాయన నంబరు నుంచి పంపితే సాయంత్రానికి సగానికి పైగా "ఓకే అన్నా" అన్నారు.

ఇంతకీ ఆర్డర్లు వచ్చే ఆ నంబరు సంగతేంటి? షాపుతో పాటు నంబరు కూడా ఇచ్చెయ్యాలని కొత్తాయన అడుగుతాడు. పాతాయన ఒప్పుకోడు, ఎందుకంటే ఆయన బ్యాంకు, ఆధార్ ఓటీపీలన్నీ ఆ సిమ్‌కే వస్తాయి. ఈ గొడవ ప్రతి అమ్మకంలోనూ ఉంటుంది. సర్దుబాటు ఇలా చేసుకోవచ్చు: సిమ్ పాతాయన దగ్గరే ఉంచి, మూడు నెలలు కాల్స్‌ని కొత్త నంబరుకి ఫార్వర్డ్ పెట్టుకోవాలి. ఓటీపీ మెసేజ్‌లు ఫార్వర్డ్ కావు కాబట్టి అవి పాతాయనకే వస్తాయి. వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లు కూడా ఫార్వర్డ్ కావు, అందుకే ఆ మూడు నెలలూ పాతాయన ప్రతి ఆర్డర్‌కీ కొత్త నంబరు పంపుతూ ఉండాలి. ఈ మాట అమ్మకం ఒప్పందంలోనే రాయించండి. డబ్బు చేతికొచ్చాక ఆయనకి అంత ఓపిక ఉండదు.

వాట్సాప్‌లో ఖాతా నంబరు, క్యూఆర్ కోడ్ మాత్రం పెట్టకండి.

ఇద్దరూ కలిసి వెళ్లడం

ఇది కష్టమైన దారి, మంచి దారి కూడా. పాతాయన బండి మీద వెనక కొత్తాయన కూర్చుని భవానీ నగర్ నుంచి అలిపిరి దాకా లాడ్జి లాడ్జికి వెళ్లి, కాఫీ తాగి, "ఇకమీదట ఈ తమ్ముడే చూసుకుంటాడు" అని చెప్పాలి. మా షాపువాళ్లు పెద్ద ఖాతాలు పన్నెండింటికే ఇలా వెళ్లారు. రోజుకి నాలుగు చొప్పున మూడు రోజులు పట్టింది.

ఒక మేనేజర్ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. పాతాయనని చూడగానే, "ఏమన్నా, షాపు అమ్మేస్తివంట, మాకు ఒక్క మాటైనా చెప్పొద్దా?" అని నిలదీశాడు. కాఫీ అయ్యాక ఆయన అడిగినవి మూడే: ఉద్దర ముప్పై రోజులు ఉంటుందా, వ్యాన్ కుర్రాడు అతనేనా, చిరిగిన షీట్లు వెనక్కి తీసుకుంటారా. రేటు గురించి అడగనే లేదు. కొత్తగా కొన్నవాళ్లు రేట్ల గురించే చెప్పాలనుకుంటారు, లాడ్జివాళ్లకి కావాల్సింది వేరే.

ఈ దారిలో లోటు ఏంటంటే, మాట గాలిలో పోతుంది. మేనేజర్ మారితే ఎవరికీ గుర్తుండదు. అందుకే వెళ్లినప్పుడే ఉత్తరం చేతికిచ్చి, రెండో కాపీ మీద "అందింది" అని తేదీతో సంతకం, లాడ్జి స్టాంపు వేయించుకోవాలి. అప్పుడు ఒకే పనిలో నమ్మకం, రుజువు రెండూ వస్తాయి.

సమయం కూడా చూసుకోండి. ఎండాకాలం సెలవుల రద్దీలో, బ్రహ్మోత్సవాల రోజుల్లో, వైకుంఠ ఏకాదశి ముందు వెళ్తే కౌంటర్ దగ్గర నిలబడే చోటు కూడా ఉండదు. జూలై తీసుకోవడం వల్ల వీళ్లకి మేలే జరిగింది.

ఇద్దరి సంతకాల ఉత్తరం

నా సలహా ఒక్క మాటలో చెప్పాలంటే ఇదే: ఉద్దర ఉన్న ప్రతి ఖాతాకీ ఈ ఉత్తరం తప్పనిసరి, మిగతా దారులన్నీ దీన్ని చేర్చడానికే. కొత్తాయన ఒక్కడే సంతకం పెట్టిన ఉత్తరం చూసి డబ్బు వేయడానికి ఏ అకౌంటెంటూ ధైర్యం చేయడు, చేయకూడదు కూడా. పాతాయన సంతకం తప్పకుండా ఉండాలి, అదీ పాత బిల్లుల మీద ఉన్న సంతకంలాగే ఉండాలి.

దగ్గరివాళ్లకి చేతికివ్వండి. శ్రీకాళహస్తి, చిత్తూరు, కాణిపాకం వైపు లాడ్జీలకి స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు రుజువు దాచుకోండి. మేనేజర్ పేరున ఒకటి, ఓనరు లేదా లీజుదారు పేరున ఒకటి పంపాలి.

ఉత్తరంలో "ఏమీ మారదు, అంతా మునుపటిలాగే" అని రాయకండి. అది ఎవరూ నమ్మరు, పైగా నిజం కాదు. మారనివి పేరుపేరునా రాయండి, మారేవి కూడా అంతే స్పష్టంగా రాయండి. మా షాపు రెండోసారి పంపిన ఉత్తరం దాదాపు ఇలా ఉంది:

> అయ్యా,
>
> మీ లాడ్జికి సరుకు వేస్తున్న మా షాపును జూలై 1 నుంచి శ్రీ ______ గారికి అమ్మాను. వారి అడ్రసు: ______. జూన్ 30 వరకు మీరు నాకు ఇవ్వాల్సిన బాకీ ______ రూపాయలను కూడా వారికే బదిలీ చేశాను. దయచేసి ఆ మొత్తం వారికే చెల్లించండి.
>
> మారనివి: షాపు పేరు, చోటు. మంగళ, శుక్రవారాల్లో సరుకు రావడం. వ్యాన్ కుర్రాడు. 30 రోజుల ఉద్దర. చిరిగిన, మరకపడిన షీట్లు ఏడు రోజుల్లోపు మార్చి ఇవ్వడం. ఇప్పటి రేట్లు సెప్టెంబర్ 30 వరకు.
>
> మారేవి: జూలై 1 నుంచి బిల్లుల మీద జీఎస్టీ నంబరు. బ్యాంకు ఖాతా, క్యూఆర్ కోడ్. ఖాతా చివరి నాలుగు అంకెలు ______. పూర్తి వివరాలు ఈ ఉత్తరం వెనక ఉన్నాయి.
>
> ఆర్డర్లకి, బిల్లులకి, సరుకు మార్పిడికి ఒకటే నంబరు: ______. డబ్బు వేసేముందు మీ దగ్గర ఎప్పటి నుంచో ఉన్న నా నంబరుకి ఒకసారి ఫోన్ చేసి ఖాతా సరిచూసుకోండి.
>
> సంతకం (అమ్మినవారు) ______ సంతకం (కొన్నవారు) ______

బాకీ మొత్తం ఉత్తరంలోనే రాయడం వల్ల ఒక మేలు జరిగింది. 46 లాడ్జీల్లో ఐదు "మా లెక్కలో ఇంత లేదు" అని వెంటనే ఫోన్ చేశాయి. రెండు చోట్ల చిరిగిన షీట్ల సొమ్ము తీసేయడం పాతాయన మర్చిపోయారు. ఇది చిన్న విషయం కాదు. లాడ్జికి పాతాయన మీద ఉన్న ఆ కోత హక్కు కొత్తాయన మీద కూడా నడుస్తుంది. బాకీ కొన్నవాడు దానికున్న లోట్లతో సహా కొన్నట్టే లెక్క. అది మొదటి వారంలో బయటపడితే అమ్మకం ధరలో సర్దుకోవచ్చు, ఏడాది తర్వాత బయటపడితే ఎవరూ ఒప్పుకోరు.

ఒకే నంబరు అన్నది కూడా కావాలనే పెట్టాం. మొదటి ముసాయిదాలో ఆర్డర్లకి ఒకటి, బిల్లులకి ఒకటి, ఫిర్యాదులకి ఒకటి అని మూడు నంబర్లు రాశారు. నలుగురు పనిచేసే షాపుకి అన్ని నంబర్లు పెడితే చివరికి ఎవరూ ఎత్తరు.

పేపర్ ప్రకటన, బోర్డు

జిల్లా ఎడిషన్‌లో చిన్న ప్రకటన వేస్తే లాడ్జి అకౌంటెంట్ చదువుతాడన్న నమ్మకం లేదు. కాబట్టి ఉత్తరం బదులు దీన్ని వాడకండి. "పాత యజమాని మీద ఎవరికైనా బాకీ ఉంటే పదిహేను రోజుల్లో తెలపండి" అని వేస్తే మాత్రం పుస్తకాల్లో లేని చేబదుళ్లు ఒకటి రెండు బయటికి రావచ్చు. ఆ ఒక్క పనికి వేసుకోవచ్చు.

సప్లయర్లకి చెప్పడం వేరే పని

కస్టమర్ మనకి డబ్బు ఇవ్వాలి, సప్లయర్‌కి మనం ఇవ్వాలి. ఈ తేడా వల్ల ఉత్తరం కూడా మారుతుంది. రావాల్సిన బాకీని బదిలీ చేశామని తెలియజేస్తే చాలు. ఇవ్వాల్సిన బాకీని అలా బదిలీ చేయలేం, సప్లయర్ ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకోనంతవరకు పాతాయన మీద ఉన్న బాధ్యత తీరదు, ఇద్దరి మధ్య ఒప్పందం ఎలా రాసుకున్నా సరే. అందుకని సప్లయర్ ఉత్తరం అడుగున ఒక వాక్యం కలపాలి: "జూన్ 30 నాటికి ఉన్న బాకీ ______ రూపాయలను ఇకపై కొత్త యజమాని నుంచే తీసుకోవడానికి మేం ఒప్పుకుంటున్నాం." ఆయన సంతకంతో ఒక కాపీ వెనక్కి రావాలి.

మా షాపుకి ఏడుగురు సప్లయర్లు. షీట్లు కరూర్ నుంచి, చెన్నిమలై నుంచి వస్తాయి. సబ్బులు, ఫినాయిల్ ఇక్కడివే. ఆ తమిళనాడు పార్టీలతో పాతాయన పాతికేళ్లుగా తమిళంలోనే మాట్లాడతాడు, కొత్తాయనకి అర్థమవుతుంది గానీ మాట్లాడలేడు. వాళ్లకి తెలుగు ఉత్తరం పంపితే పక్కన పడేస్తారు, ఇంగ్లీషు ఉత్తరం ఆడిటర్ చేతికి పోతుంది. తమిళంలో రాయించి పంపి, పాతాయన చేత ఫోన్ చేయించి, అదే కాల్‌లో కొత్తాయనని కలిపాం. ఏడుగురిలో ఆరుగురు ఒప్పుకున్నారు. ఒకాయన మాత్రం "పాత బాకీ తీర్చండి, కొత్తవాళ్లకి మూడు నెలలు నగదు మీదే సరుకు" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, ఉద్దర ఇచ్చింది మనిషిని చూసి కదా. కొత్తాయన ముందుగానే ఆ లెక్కకి డబ్బు పక్కన పెట్టుకోవాలి.

సప్లయర్ల దగ్గర ఎక్కువగా జరిగే తప్పు జీఎస్టీ నంబరు. వాళ్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో షాపు పేరు కొడితే పాత నంబరే వస్తుంది. షాపు పేరు మారలేదు కాబట్టి బిల్లు చూస్తే అనుమానం రాదు. ఆ పన్ను క్రెడిట్ పాతాయన పేరు మీద వచ్చే జీఎస్టీ క్రెడిట్ పట్టీ జీఎస్టీఆర్-2బిలో కనిపిస్తుంది, కొత్తాయనకి రాదు. జూలై బిల్లుల్లో మాకు మూడు ఇలా వచ్చాయి. ఆగస్టు రెండో వారంలో 2బి తీసి బిల్లులతో పోల్చి చూస్తే తేలింది. సప్లయర్లు తర్వాతి రిటర్నులో సవరించాల్సి వచ్చింది. అందుకే ఉత్తరంతో పాటు కొత్త జీఎస్టీ సర్టిఫికెట్ కాపీ జతచేసి, "పాత ఖాతాని సవరించకండి, కొత్త ఖాతా తెరవండి" అని స్పష్టంగా రాయండి. పాత ఖాతాలో నంబరు మారిస్తే వాళ్ల పాత లెక్కలన్నీ కలగాపులగమవుతాయి.

ఇంకో జాగ్రత్త. పాతాయన తన జీఎస్టీ రద్దు చేసుకోవడానికి తొందరపడతాడు. పాత బిల్లుల మీద వెనక్కొచ్చిన సరుకుకి క్రెడిట్ నోటు ఇవ్వాల్సింది ఆ పాత నంబరు మీదే. లాడ్జీల నుంచి వెనక్కి రావాల్సిన పాత సరుకంతా తేలాకే రద్దుకి పెట్టమనండి. "జూన్ బిల్లుల మీద వెనక్కి పంపే సరుకు జూలై 15 లోపు పంపండి" అని ఉత్తరంలోనే గడువు పెడితే ఇది తేలిక.

డబ్బు దారి మారుస్తున్నప్పుడు

"మా షాపు చేతులు మారింది, ఈ కొత్త ఖాతాకి వేయండి" అనే మెసేజ్ మోసగాడు పంపినా అచ్చం ఇలాగే ఉంటుంది. ఊళ్లో నలుగురికీ విషయం తెలిశాక ఆ అవకాశం మరీ ఎక్కువ. మీ కస్టమర్లు మిమ్మల్ని అనుమానించేలా మీరే నేర్పాలి. ఖాతా వివరాలు కాగితం మీదే ఇస్తాం, ఫోన్‌లో గానీ మెసేజ్‌లో గానీ ఎప్పుడూ మార్చం అని ఉత్తరంలో రాయండి. సరిచూసుకోవడానికి ఫోన్ చేయాల్సింది ఆ ఉత్తరంలో అచ్చేసిన కొత్త నంబరుకి కాదు, వాళ్ల దగ్గర ముందు నుంచీ ఉన్న పాతాయన నంబరుకి. మొదటిసారి ఒక్క రూపాయి వేసి, అందిందని తెలుసుకున్నాక మిగతాది వేయమనండి. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పాత క్యూఆర్ స్టిక్కర్ల విషయంలో మాటలు చాలవు. వ్యాన్ కుర్రాడి చేతికి కొత్త స్టిక్కర్లు ఇచ్చి, ప్రతి లాడ్జిలో పాతది తన చేతులతో పీకి తెమ్మనండి. మావాడు 46కి 41 తెచ్చాడు. మిగతా ఐదూ ఎక్కడ అతికించారో లాడ్జివాళ్లకే తెలియదు. అందుకే పాతాయన ఖాతాని కనీసం మూడు నెలలు మూయకుండా ఉంచి, వారానికోసారి స్టేట్‌మెంట్ చూసి, మనకి రావాల్సినవి పంపేయాలని రాసుకున్నాం. చెక్కు చెల్లుబాటు కూడా మూడు నెలలే, కాబట్టి పాత తేదీల చెక్కులు కూడా ఆ లోపే తేలిపోతాయి. ఆ ఖాతా ఓడీ అయితే మాత్రం పడిన డబ్బు అప్పులోకి పోతుంది. కుదిరితే షాపు చేతులు మారకముందే ఓడీ తీర్పించండి, కుదరకపోతే ఆ క్యూఆర్‌ని ఓడీ లేని సేవింగ్స్ ఖాతాకి మార్పించండి.

మీరు ఎవరైతే ఏ దారి

పదీ పదిహేను ఉద్దర ఖాతాలే ఉంటే అన్నిచోట్లకీ ఇద్దరూ కలిసి వెళ్లి ఉత్తరం చేతికివ్వండి, వాట్సాప్ అవసరమే రాదు. నలభై యాభై ఉంటే అమ్మకంలో మూడొంతుల డబ్బు తెచ్చే ఖాతాలకి స్వయంగా వెళ్లండి, మిగతావాటికి వ్యాన్ కుర్రాడి చేత ఉత్తరం పంపి సంతకం తెప్పించండి. చేతులు మారడానికి వారం ముందు పాతాయన నంబరు నుంచి ఒక వాట్సాప్ కబురు, ఖాతా వివరాలు లేకుండా. వందలు దాటితే స్పీడ్ పోస్టే దారి, దాని ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి.

పాత బాకీలు పాతాయనే వసూలు చేసుకుంటాడని ఒప్పందమైతే ఉత్తరం తేలికవుతుంది గానీ వసూలు కష్టమవుతుంది. "జూన్ 30 వరకు బిల్లులు పాత ఖాతాకి, జూలై 1 నుంచి కొత్త ఖాతాకి" అని రాయాలి. ఒకే లాడ్జికి రెండు ఖాతాలు నడుస్తుంటే అకౌంటెంట్ మూడు నెలల పాటు తప్పులు చేస్తూనే ఉంటాడు. అలాంటప్పుడు కొత్త బిల్లుల కాగితం రంగు మార్చేయండి. చిత్తూరులో ఒక హార్డ్‌వేర్ షాపు గులాబీ రంగు బిల్లులు కొట్టించింది. "గులాబీ బిల్లు అయితే కొత్త ఖాతా" అని ఒక్క మాట చెప్పారు, గందరగోళం చాలావరకు తగ్గింది.

పాతాయన ఆరోగ్యం బాగాలేక అమ్మేసినా, పిల్లల దగ్గరికి వెళ్లిపోతున్నా కలిసి తిరగడం కుదరదు. అప్పుడు ఆయన్ని ఒక పూట కూర్చోబెట్టి ఉత్తరాలన్నిటి మీదా సంతకాలు చేయించుకోండి, పెద్ద ఖాతాలు పదింటికి మీ ముందే స్పీకర్‌లో ఫోన్ చేయించండి. మా షాపు పాతాయన ఇప్పుడు కూతురి దగ్గర కోయంబత్తూరులో ఉన్నాడు. ఇప్పటికీ నెలకి ఒకటి రెండు ఫోన్లు వస్తాయట, "అన్నా, సబ్బులు అయిపోయినాయి" అని. ఆయన విసుక్కోకుండా కొత్త నంబరు చెప్పి పెట్టేస్తాడు.